మధ్య గీత మీద పడిన చుక్క: ఫొటోలో ఆరోగ్యంగా కనిపించిన ఒక పాప కేసు

బెంగళూరు తూర్పు వైపున నాకు చిన్న పిల్లల క్లినిక్ ఉంది. వచ్చేవాళ్లలో రాయలసీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎక్కువ. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, అవ్వాతాతలు ఊళ్లో ఉంటారు, పిల్లలు ఎలా ఉన్నారన్న సంగతి వాళ్లకు ఫోన్‌లో ఫొటోల ద్వారానే తెలుస్తుంది. అందుకే "పిల్లాడు చిక్కిపోయాడు" అన్న తీర్పు తరచుగా మూడు వందల కిలోమీటర్ల అవతల నుంచి వస్తుంది, ఆ తీర్పుతో పాటు ఫొటో నా ఫోన్‌కి వస్తుంది. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక ఫొటోతో మొదలైన కేసు. అందులో మొదటి తప్పు నాదే కాబట్టి రాయడం అవసరమనిపించింది. కుటుంబం అనుమతి ఇచ్చింది. ఊరు, బడి, ఉద్యోగాల వంటి గుర్తులన్నీ తీసేశాను. వయసులు, కొలతలు మారిస్తే కేసుకు అర్థమే ఉండదు కాబట్టి వాటిని మాత్రం అలాగే ఉంచాను.

ఫొటో, ప్రశ్న, నా జవాబు

పండుగకు ఊరికి వెళ్లినప్పుడు తీసిన ఫొటో అది. ఇంటి ముందు మెట్ల మీద అక్కాతమ్ముళ్లు. అక్క కింది మెట్టు మీద కూర్చుని ఉంది, తమ్ముడు వెనక పై మెట్టు మీద వదులైన జుబ్బాలో నిలబడి ఉన్నాడు. ఫోన్ తాతగారి చేతిలో ఉంది. ఆయన నిలబడే, కాస్త దగ్గరగా, పైనుంచి కిందికి తీశారు. పాపకు అప్పుడు 7 సంవత్సరాల 11 నెలలు, బాబుకు 5 సంవత్సరాల 3 నెలలు.

అమ్మ రాసిన ప్రశ్న బాబు గురించి. "మేడమ్, మా అత్తమ్మ ఒకటే పోరు. అక్క ముద్దుగా, నిండుగా ఉంది, వీడు మాత్రం పుల్లలా ఉన్నాడు, మీరు సరిగా పెట్టడం లేదంటోంది. వయసుకు తగ్గ బరువు ఉన్నట్టేనా?" పాప గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఫొటోలో పాప ఉన్నది తమ్ముడితో పోల్చడానికి మాత్రమే.

ఓపీ ముగించి లేచే వేళ నేను రెండు వాక్యాలు రాసి పంపాను. బాబుకు రోజూ ఒక గుడ్డు, అన్నంలో ఒక చెంచా నెయ్యి, సాయంత్రం వేరుశనగ ఉండ ఇవ్వమన్నాను. ఎలాగూ అడిగారు కదా అని, పాప కొంచెం బొద్దుగా ఉంది కాబట్టి సాయంత్రం బిస్కెట్లు తగ్గించి కాసేపు ఆడించమని కూడా చేర్చాను. అంటే నేను ఫొటో చూసి ఒక బిడ్డను తక్కువ బరువనీ, ఇంకొక బిడ్డను ఎక్కువ బరువనీ నిర్ణయించేశాను. రెండు నిర్ణయాలూ తప్పేనని తర్వాత తేలింది. రెండోది కాస్త ప్రమాదకరమైన తప్పు.

ఆ జవాబు రాసేటప్పుడు నా మనసులో నడిచిన తర్కాన్ని ఇప్పుడు విప్పి చూస్తే అందులో లోపాలు తేలిగ్గా కనిపిస్తాయి. నా కళ్లు ఒక బిడ్డ పక్కన మరో బిడ్డను పెట్టి చూశాయే తప్ప, ఏ బిడ్డనూ ఆ బిడ్డ వయసుతో పోల్చలేదు. కెమెరాకు దగ్గరగా ఉన్న పాప ముఖం పెద్దదిగా పడింది, రెండడుగులు వెనకున్న బాబు చిన్నగా పడ్డాడు. ఫోన్ కెమెరా దగ్గరి నుంచి తీసినప్పుడు ఈ తేడా ఇంకా పెరుగుతుంది, పైనుంచి తీస్తే తల పెద్దదై కాళ్లు కురచవుతాయి. ఇవన్నీ నాకు తెలియనివి కావు. అయినా బుగ్గలు కంటబడగానే మిగతావి మరుగున పడ్డాయి.

మూడు నెలలు ఏం జరిగింది

బాబు విషయంలో నా సలహా ఇంటికి చేరేసరికి రెండింతలైంది. నేను చెప్పిన గుడ్డు, నెయ్యి, వేరుశనగ ఉండలతో పాటు టీవీ ప్రకటనల్లో కనిపించే పొడి ఒకటి పాలల్లో కలిపి రెండు పూటలా తాగించారు. పొడి పాలతో కడుపు నిండిపోయి మధ్యాహ్నం డబ్బా సగం మిగిలి తిరిగి రావడం మొదలైంది. మిగిలింది కనుక రాత్రి బలవంతంగా తినిపించారు, తినిపించినందుకు రెండు మూడు సార్లు కక్కుకున్నాడు. అంతకుముందు ఇంట్లో గొడవ లేకుండా అన్నం తినే పిల్లవాడు కంచం చూస్తేనే ఏడ్చే దశకు వచ్చాడు.

పాప విషయంలో బిస్కెట్లు ఆగాయి. సాయంత్రం కింద అపార్ట్‌మెంట్ ఆవరణలో ఆడుకోమని పంపేవారు. ఆమె వెళ్లి బెంచీ మీద కూర్చుని వచ్చేది. "బద్ధకం మేడమ్, ఎప్పుడూ నిదానమే" అని అమ్మ తర్వాత చెప్పింది. మూడు నెలల్లో పాప ముఖం తగ్గకపోగా ఇంకాస్త నిండింది. తిండి తగ్గించినా, ఆడమన్నా మార్పు రాకపోతే సలహా పాటించలేదని అనుమానించడం మా వృత్తిలో ఉన్న చెడ్డ అలవాటు. వాళ్లు ఆ వారం ఫోన్ చేసి ఉంటే నేనూ బహుశా అదే అనుమానించి ఉండేదాన్ని.

కొలిచిన రోజు

బాబుకు దగ్గు వచ్చి అమ్మ క్లినిక్‌కి తీసుకువచ్చింది. బడికి సెలవు కాబట్టి పాప కూడా వెంట వచ్చింది. ఇద్దరి బరువూ ఎత్తూ కొలవమని నర్సుకు చెప్పాను. అప్పటికి పాపకు 8 సంవత్సరాల 2 నెలలు, బాబుకు 5 సంవత్సరాల 6 నెలలు.

ముందు బాబు సంగతి చెప్పి పక్కన పెడతాను, అది చిన్నది. ఎత్తు 115 సెంటీమీటర్లు, బరువు 17.9 కిలోలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం ఆ వయసు అబ్బాయిల మధ్య గీత, అంటే సగం మంది పైన, సగం మంది కింద ఉండే గీత, సుమారు 113 సెంటీమీటర్లు, 19.4 కిలోలు. అంటే వయసుకు కాస్త పొడవు, బరువు మధ్య గీతకు కిలోన్నర తక్కువ. బీఎంఐ, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది, 13.5. ఇది మధ్య గీత కింద ఉన్నా ప్రమాద గీత కన్నా పైనే ఉంది. టీకాల పుస్తకంలో నాలుగేళ్ల నాటి కొలత ఉంది: 105 సెంటీమీటర్లు, 15.2 కిలోలు, బీఎంఐ 13.8. అప్పుడూ ఇదే దారిలో ఉన్నాడు, ఏడాదిన్నరలో 10 సెంటీమీటర్లు పెరిగాడు. సన్నగా పుట్టి, సన్నగా, చక్కగా పెరుగుతున్న పిల్లవాడు. పైగా నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య వయసులోనే పిల్లల బీఎంఐ అన్నిటికన్నా కిందికి దిగుతుంది, పసితనపు బొద్దుతనం పోయి పక్కటెముకలు కనబడతాయి, ఆ తర్వాత మళ్లీ నెమ్మదిగా పెరుగుతుంది. అవ్వకు కనిపించిన "పుల్ల" ఆ వయసు రూపమే. ఆ కిలోన్నర తేడా ఫొటోలో ఎంత కనబడుతుందో లెక్క వేసి చూశాను. అదే ఎత్తులో బరువు ఎనిమిది శాతం తగ్గితే నడుము చుట్టుకొలత సుమారు నాలుగు శాతం, అంటే రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది. వదులు జుబ్బా లోపల ఉన్న రెండు సెంటీమీటర్లను ఏ కన్ను పట్టుకోగలదు? పొడి మాన్పించి, బలవంతం ఆపమని చెప్పి పంపాను.

ఇక పాప. నర్సు బరువు చూసి 25 కిలోలు అని, కంప్యూటర్‌లో వయసుకు బరువు చార్టు తెరిచి చుక్క పెట్టింది. చుక్క దాదాపు మధ్య గీత మీదే పడింది. ఆ వయసు అమ్మాయిల మధ్య బరువు సుమారు 25.5 కిలోలు. "పాప పర్ఫెక్ట్ మేడమ్" అంది నర్సు. నేనూ సరేనన్నాను. రెండో తప్పు అక్కడే జరగబోయింది. ఫొటోలో ఎక్కువ బరువనిపించిన బిడ్డ తూకంలో సరిగ్గా మధ్యలో ఉండడం నాకు ఊరటగానే అనిపించింది, ఫొటో మోసం చేసింది, తూకం నిజం చెప్పింది అనుకున్నాను.

ఆగిపోయింది ఎత్తు దగ్గర. బాబును కొలిచిన స్టేడియోమీటర్ పలక ఇంకా 115 దగ్గరే ఉంది. పాప వచ్చి నిలబడితే ఆ పలకను వేలెడు కూడా పైకి జరపాల్సిన పని పడలేదు. రెండేళ్ల ఎనిమిది నెలలు చిన్నవాడైన తమ్ముడికీ ఆమెకూ తేడా పన్నెండు మిల్లీమీటర్లు. జడ ముడి విప్పించి, చెప్పులు తీయించి, మడమలు, పిరుదులు, వీపు పలకకు ఆనేలా నిలబెట్టి, చెవి రంధ్రం నుంచి కంటి కింది ఎముక దాకా గీత గీస్తే అది నేలకు సమాంతరంగా ఉండేలా తల పట్టుకుని నేనే మూడు సార్లు కొలిచాను. 116.1, 116.2, 116.2.

ఇక్కడ ఒక విషయం నిదానంగా చెప్పాలి. ఆ వయసు అమ్మాయిల మధ్య ఎత్తు సుమారు 127.5 సెంటీమీటర్లు, పొట్టితనం అని పిలిచే కింది గీత దాదాపు 116 దగ్గర ఉంటుంది. పాప ఆ గీతకు ఒక వెంట్రుకవాసి పైనే ఉంది. బరువు మధ్యలో, ఎత్తు గీత లోపల, బీఎంఐ 18.5. బీఎంఐ ఆ వయసుకు కొంచెం ఎక్కువే కానీ స్థూలకాయం అనేంత కాదు. ఒక్కరోజు కొలతలు మాత్రమే చూస్తే "కొంచెం పొట్టి, కొంచెం బొద్దు" అని రాసి పంపేయవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. అమ్మ 157 సెంటీమీటర్లు, నాన్న 170. తల్లిదండ్రుల ఎత్తుల మొత్తం నుంచి 13 తీసేసి సగం చేస్తే అమ్మాయి చేరవలసిన ఎత్తు అంచనా వస్తుంది, ఇక్కడ అది 157. పొట్టి కుటుంబం కాదు. నన్ను ముందుకు నడిపించింది ఈ లెక్క ఒకటి, రెండోది మా పాఠ్యపుస్తకాల్లోని పాత సూత్రం: ఎక్కువ తినడం వల్ల బొద్దుగా అయిన పిల్లలు సాధారణంగా తోటివారి కన్నా కాస్త పొడవుగా ఉంటారు. బొద్దుగా ఉంటూ ఎత్తు పెరగని బిడ్డ కనిపిస్తే తిండి గురించి కాక హార్మోన్ల గురించి ఆలోచించాలి.

పాత కాగితాలు

మూడు పాత కొలతలు దొరికాయి. అయిదేళ్ల బూస్టర్ టీకా నాడు మా దగ్గరే కొలిచినవి: 109 సెంటీమీటర్లు, 17.8 కిలోలు, రెండూ మధ్య గీతకు దగ్గరే. బడిలో ఏటా ఇచ్చే ఆరోగ్య కార్డును నాన్న సాయంత్రం ఫోన్‌లో పంపారు. ఆరేళ్ల ఒక నెల నాడు 114 సెంటీమీటర్లు, 19.8 కిలోలు. ఏడేళ్ల రెండు నెలల నాడు 115 సెంటీమీటర్లు, 22.3 కిలోలు.

నాలుగు బరువులనూ చార్టు మీద పెడితే ప్రతిసారీ మధ్య గీతను ఆనుకునే నడిచాయి. ఆ గీతను చూసి ఎవరూ కంగారు పడరు. నాలుగు ఎత్తులనూ పెడితే మొదటి రెండు చుక్కలు మధ్య గీతకు దగ్గరగా ఉండి, ఆ తర్వాత గీతలన్నీ పైకి వెళ్తుంటే ఈమె చుక్కలు మాత్రం అడ్డంగా, నేలకు సమాంతరంగా కుడివైపుకు జరిగిపోయాయి. ఆరేళ్ల నుంచి 25 నెలల్లో పెరిగింది 2.2 సెంటీమీటర్లు. ఆ వయసులో ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరగాలి, అంటే ఈ పాటికి పదకొండో పన్నెండో రావాలి.

బడి కొలతలను ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్న సహజం. గోడకు టేపు అతికించి, బూట్లతోనే నిలబెట్టి కొలిచే బళ్లు నేను చూశాను. కాబట్టి ఆరేళ్ల నాటి 114లో బూట్ల మందం రెండు సెంటీమీటర్లు కలిసిందనుకుని మళ్లీ లెక్క వేశాను. అసలు ఎత్తు 112 అయితే 25 నెలల్లో పెరిగింది 4.2. అప్పటికీ రావలసిన దానిలో సగం కూడా లేదు. కొలతలో ఎంత తప్పు ఉన్నా నిర్ణయం మారదని తేలాకే అడుగు ముందుకు వేశాను. చిన్న తేడా అయి ఉంటే తొందరపడకుండా నాలుగు నెలలు ఆగి మళ్లీ కొలిచేదాన్ని. ఈ వయసు బిడ్డ నెలకు పెరిగేది సుమారు అర సెంటీమీటరు, జాగ్రత్తగా కొలిచినా వచ్చే పొరపాటు కూడా దాదాపు అంతే ఉంటుంది, అందుకే నెలకోసారి కొలిచి బెంబేలెత్తడం వల్ల ఉపయోగం లేదు.

అమ్మను అప్పుడు కొన్ని ప్రశ్నలు అడిగాను. మలబద్ధకం ఏడాదిగా ఉంది, అరటిపండు, ఇసబ్‌గోల్‌తో నెట్టుకొస్తున్నారు. బెంగళూరు చలికి ఇంట్లో అందరూ మామూలుగా ఉంటే పాప మధ్యాహ్నం కూడా స్వెట్టర్ విప్పదు. చర్మం పొడిబారింది. చదువులో వెనకబడిందా అంటే లేదు, నెమ్మదస్తురాలని టీచర్లు మెచ్చుకుంటున్నారట. ఎదిగే వయసులో వచ్చే థైరాయిడ్ లోపంలో చదువు తరచుగా దెబ్బతినదు, అల్లరి తగ్గి "మంచి పిల్ల" అన్న పేరు వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

కానీ నాకు బాగా గుర్తుండిపోయినది ఇంకొకటి. బట్టల సైజు ఎప్పుడు మార్చారని అడిగితే అమ్మ కాసేపు ఆలోచించి ఇలా చెప్పింది. "యూనిఫాం స్కర్టు రెండో తరగతిలో కొన్నదే మేడమ్. పొడవు ఇప్పటికీ సరిపోతోంది. నడుము దగ్గర బిగుతైతే హుక్కు జరిపి కుట్టించాను, రెండుసార్లు." అంచు మడత విప్పాల్సిన అవసరం రాలేదు, హుక్కు మాత్రం రెండుసార్లు జరిగింది. ఏ పరీక్షా లేకుండానే ఆ స్కర్టు జబ్బును రాసి పెట్టింది. చెప్పుల సైజు కూడా మారలేదు. అక్కాతమ్ముళ్లకు ఒకే కొలత టీషర్టులు కొంటున్నామనీ, కవలల్లా ఉన్నారని ఇంట్లో నవ్వుకుంటున్నామనీ కూడా చెప్పింది.

పరీక్షలు, చికిత్స

ఎత్తు ఆగిపోయిన అమ్మాయికి ఒక్క థైరాయిడ్ పరీక్ష రాసి ఊరుకోకూడదు. రక్తహీనత, మూత్రపిండాల పనితీరు, గోధుమ పడకపోవడం వల్ల వచ్చే పేగు జబ్బు కూడా చూడాలి. స్టెరాయిడ్ మందులు, పూతలు దీర్ఘకాలం వాడారేమో అడగాలి. వేరే కారణం దొరకని పొట్టి అమ్మాయిలో, క్రోమోజోము లోపం వల్ల అమ్మాయిలకు వచ్చే టర్నర్ సిండ్రోమ్ కోసం క్రోమోజోముల పరీక్ష కూడా ఆలోచించాలి. కానీ ఇక్కడ లక్షణాలన్నీ ఒకే వైపు చూపుతున్నాయి కాబట్టి రక్తంలో థైరాయిడ్, ఎడమ చేతి ఎక్స్‌రే, కొన్ని ప్రాథమిక పరీక్షలతో మొదలుపెట్టాను. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయనప్పుడు పెరిగే టీఎస్‌హెచ్, యంత్రం చూపగలిగే 100 దాటింది, ఆ గ్రంథి తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 బాగా తక్కువగా ఉంది, థైరాయిడ్ గ్రంథిని శరీరమే దెబ్బతీస్తోందని చెప్పే యాంటీ టీపీఓ ఎక్కువగా ఉంది. ఎక్స్‌రేలో ఎముకల వయసు ఆరేళ్లు. 116 సెంటీమీటర్లు అనేది ఆరేళ్లు దాటిన అమ్మాయి మధ్య ఎత్తు, కాబట్టి ఎముకలు కూడా ఎత్తుతో పాటే ఆగిపోయాయి.

ఈ ఎక్స్‌రే చూశాకే ఫొటోకు అసలు పరిమితి ఏమిటో నాకు స్పష్టంగా అర్థమైంది. ఆ ఫొటో చూపించి ఇది ఆరేళ్ల పాప అని చెబితే ఎవరూ కాదనరు, కాస్త బొద్దుగా ఉన్న ఆరేళ్ల పాప అంటారు. ఎనిమిదేళ్లని చెబితేనే అది జబ్బు అవుతుంది. వయసు ఫొటోలో పడదు. పక్కన కొలబద్ద లేదు కాబట్టి ఎత్తూ పడదు. నిరుటి కంటే ఎంత పెరిగిందన్నది అసలే పడదు. పడేది ఆకారం మాత్రమే, అంటే వెడల్పుకూ పొడవుకూ ఉన్న నిష్పత్తి. పొడవు ఆగిపోయి వెడల్పు పెరిగినా, పొడవుతో పాటు వెడల్పు ఎక్కువగా పెరిగినా ఆ నిష్పత్తి ఒకేలా కనిపిస్తుంది. మొదటిది జబ్బు, రెండోది తిండి. నేను తిండి అనుకుని బిస్కెట్లు ఆపించాను.

పిల్లల హార్మోన్ల నిపుణురాలితో మాట్లాడి, లోపించిన థైరాయిడ్ హార్మోన్‌ను భర్తీ చేసే లీవోథైరాక్సిన్ మాత్రలు మొదలుపెట్టాము. చాలాకాలంగా ఉన్న లోపం కనుక పూర్తి మోతాదు ఒక్కసారిగా ఇవ్వకుండా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి కొన్ని వారాల్లో 75కు పెంచాము. పొద్దున పరగడుపున, నీళ్లతో, ఆ తర్వాత కనీసం అరగంట ఏమీ తినకుండా ఉండాలి. ఐరన్, కాల్షియం మందులు ఉంటే నాలుగు గంటల ఎడం ఉండాలి. తెల్లవారగానే బూస్ట్ కలిపిన పాలు ఇచ్చే ఇంట్లో ఈ అరగంట పాటించడం మాత్ర వేయడం కన్నా కష్టమైంది. ఆరు వారాల తర్వాత చేసిన పరీక్షలో టీఎస్‌హెచ్ అనుకున్నంత తగ్గలేదు, ఆరా తీస్తే మాత్రను పాలతో మింగిస్తున్నారని తెలిసింది. మోతాదు పెంచకుండా అలవాటు మార్పించాము, తర్వాతి పరీక్షకు అంకె దారిలోకి వచ్చింది.

రెండో ఫొటో

చికిత్స మొదలైన మూడు నెలలకు నాకు ఇంకో ఫొటో వచ్చింది. ఈసారి పంపింది అవ్వే, గొంతు సందేశంతో. "అమ్మా, మీరు ఏం మాత్రలు ఇచ్చినారో గానీ బిడ్డ సగమైపాయ. బుగ్గలన్నీ పీక్కపోయినాయి. పోయినేడు ఎంత నిండుగా ఉండె! ఆ మాత్రలు నిలిపేద్దామా?"

ఫొటోలో చూస్తే ఆమె అన్నది అక్షరాలా నిజం. ముఖంలోని ఉబ్బు దిగిపోయింది. కళ్ల కింద వాపు లేదు. గడ్డం కనిపిస్తోంది. ఈ జబ్బులో ముఖానికి నిండుతనం ఇచ్చేది కొవ్వు ఒక్కటే కాదు, చర్మం కింద నీరు పట్టి నిలిచిపోవడం కూడా ఉంటుంది, మందు పనిచేస్తే ముందు పోయేది ఆ నీరే. మాత్రలు ఆపవద్దని వెంటనే చెప్పాను కానీ, పాప బాగుందని మాత్రం ఆ ఫొటో చూసి చెప్పలేదు. ఆ శనివారం తీసుకురమ్మన్నాను.

బరువు 23.6 కిలోలు. మూడు నెలల్లో కిలో నాలుగు వందల గ్రాములు తగ్గింది. వయసుకు బరువు చార్టు మీద చుక్క మొదటిసారి మధ్య గీతను వదిలి స్పష్టంగా కిందికి దిగింది. ఎత్తు 118.6, అంటే మూడు నెలల్లో 2.4 సెంటీమీటర్లు, అంతకుముందు రెండేళ్లలో పెరిగినదానికన్నా కాస్త ఎక్కువ. బీఎంఐ 16.8. జబ్బుగా ఉన్నన్నాళ్లూ మధ్య గీత మీద నడిచిన బరువు, బాగవడం మొదలవగానే గీత కిందికి పోయింది. ఫొటో ఒక్కటే కాదు, ఎత్తుతో కలిపి చదవకపోతే వయసుకు బరువు అన్న అంకె కూడా తిరగేసి చెబుతుందని ఇంత స్పష్టంగా చూపిన కేసు నాకు మరొకటి తగల్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 పట్టికల్లో వయసుకు బరువు చార్టు పదేళ్లతో ఆగిపోయేది కూడా ఇలాంటి కారణంతోనే. యుక్తవయసు ఎత్తు ఒకరికి ముందు, ఒకరికి వెనక వస్తుంది కాబట్టి ఒట్టి బరువు చూసి ఏమీ తేల్చలేము, అక్కడి నుంచి బీఎంఐ వాడమంటారు.

కొలతల గీతను ఫోన్‌లో అవ్వకు చూపించి ఆమెకు అర్థమయ్యేలా చెప్పే పని నాన్నకు అప్పగించాను. ఆయన చార్టు జోలికి పోకుండా తలుపు చట్రం మీద పెన్సిల్ గీతలు చూపించారట.

ఇప్పుడు నేను ఏం చేస్తున్నాను

దద్దుర్లు, పురుగు కాటు, మలం రంగు, కన్ను ఎర్రబడటం వంటివాటికి ఫొటో పంపితే ఇప్పటికీ చూస్తాను, అవి చాలావరకు కంటితో తేలేవే. బరువు గురించి ఫొటో వస్తే మాత్రం జవాబు రాయను, మూడు అంకెలు అడుగుతాను: పుట్టిన తేదీ, ఎత్తు, బరువు. వీటితో పాటు ఆరు నెలలో ఏడాదో పాతదైన ఒక కొలత, అది టీకాల పుస్తకంలోదైనా బడి కార్డులోదైనా సరే. అయిదేళ్ల లోపు పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ప్రమాణాలను, అయిదు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015 చార్టులను వాడుతున్నాను. ఇక్కడ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంకెలు ఇచ్చింది అన్నిచోట్లా సులువుగా దొరుకుతాయని మాత్రమే.

క్లినిక్‌కి రాలేనివాళ్లకు ఇంట్లో కొలిచే పద్ధతి చెబుతాను. కింద పట్టీ లేని గోడకు, చెప్పులు లేకుండా, మడమలు ఆనించి బిడ్డను నిలబెట్టాలి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని ఒక అంచు గోడకు, కింది వైపు తలకు ఆనేలా పెట్టి, దాని కింద పెన్సిల్ గీత గీసి, నేల నుంచి టేపుతో కొలవాలి. గీత చూసి కాక, బిడ్డను పక్కకు పంపి మళ్లీ నిలబెట్టి రెండోసారి కొలవాలి, రెండు కొలతలకూ అర సెంటీమీటరు మించి తేడా వస్తే మూడోసారి. బిడ్డ తూకం మీద కదలకుండా నిలబడకపోతే పెద్దవాళ్లు ఒక్కరే ఎక్కి, తర్వాత ఎత్తుకుని ఎక్కి, తేడా తీసుకోవాలి. ఇంటి తూకాలు ఒకటికొకటి కలవవు, కనుక ఎప్పుడూ అదే తూకం వాడాలి. ఈ కొలతతో జబ్బు నిర్ధారణ చేయను, కానీ బిడ్డను వెంటనే పిలిపించాలా, నాలుగు నెలలు ఆగవచ్చా అన్నది తేల్చుకోవడానికి ఇది సరిపోతుంది. కొలతల పక్కనే బట్టల గురించి ఒక ప్రశ్న కూడా అడుగుతాను: ఈ ఏడాది పొడవు పెంచారా, నడుము పెంచారా?

చికిత్స మొదలైన ఏడాదికి పాప ఎత్తు 126 సెంటీమీటర్లు, బరువు 26.4 కిలోలు, బీఎంఐ 16.6. ఏడాదిలో 9.8 సెంటీమీటర్లు పెరిగింది. ఎత్తు ఇంకా మధ్య గీతకు కిందే ఉంది. రెండేళ్లు ఆలస్యంగా పట్టుకున్న లోపంలో పోయిన ఎత్తు మొత్తం తిరిగి వస్తుందని హామీ ఇవ్వలేనని తల్లిదండ్రులకు చెప్పాను, ముఖ్యంగా యుక్తవయసు ఎప్పుడు మొదలవుతుందో చూడాలని కూడా చెప్పాను. మలబద్ధకం పోయింది. నెమ్మదస్తురాలన్న పేరు కూడా పోయిందట, క్లాసులో మాట్లాడుతోందని టీచరు ఈమధ్యే డైరీలో రాసి పంపారు. బాబు అదే రోజు 121.4 సెంటీమీటర్లు, 19.9 కిలోలు, బీఎంఐ మళ్లీ అదే 13.5. అవ్వ దృష్టిలో అతను ఇంకా పుల్లే.

వెళ్లేముందు అమ్మ సంచిలోంచి ఆ పాత యూనిఫాం స్కర్టు తీసి బల్ల మీద పరిచింది. అంచు మడత విప్పిన చోట ముదురు రంగు గీతలు రెండు ఉన్నాయి. ఇక విప్పడానికి మడత మిగల్లేదనీ, ఈ జూన్‌లో కొత్తది కొనాలనీ చెప్పింది.